గుండ్రటి ముఖం, కోల ముఖం, చదును ముఖం: బ్లష్ ఎక్కడ వేయాలి?

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. వచ్చే నెల నా పెళ్లి. నాది గుండ్రటి ముఖం, చెంప ఎముక అస్సలు తెలియదు, చదునుగా ఉంటుంది. నవ్వి, బుగ్గ ఉబ్బిన చోట బ్లష్ వేయమని వీడియోల్లో చెప్తారు. అలా వేస్తే ఫోటోల్లో ఇంకా లావుగా ఉన్నా. మా పెద్దక్కది కోల ముఖం, ఆమెకేమో ఏటవాలుగా వేస్తే ముఖం ఇంకా సాగినట్టుంది. ఎవరికి ఎక్కడ వేయాలో కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

కడపలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడమే నా పని చెల్లీ. బ్లష్ గురించి నన్ను ఎవరడిగినా మొదట చెప్పేది ఒక్కటే. బ్లష్ ఎంత దూరం పరుచుకుందన్నది కాదు, అది ఎక్కడ అన్నిటికంటే ముదురుగా ఉందో చూడు. ఎదుటివాళ్ల చూపు ముందు ఆ ముదురు చోటికే పోతుంది. ముఖం వెడల్పుగా ఉందా, పొడుగ్గా ఉందా అన్నది అక్కడి నుంచే లెక్క వేసుకుంటుంది. బ్రష్ చెంపకు మొదట ఎక్కడ తగిలితే ఎక్కువ రంగు అక్కడే దిగుతుంది. ఆ తర్వాత ఎటు లాగినా అది పలచబడుతూ పోతుంది తప్ప మొదటి మచ్చ చోటు మారదు. అందుకే 'పైకి లాగండి, పక్కకు లాగండి' అనే మాటల కన్నా 'మొదట ఎక్కడ పెట్టాలి' అన్నదే అసలు ప్రశ్న.

నవ్వి వేసుకునే పద్ధతి నీకు ఎందుకు కుదరలేదో చెప్తాను. నవ్వినప్పుడు బుగ్గ కండ పైకి లేస్తుంది. ఆ ఎత్తు మీద రంగు పెడతావు. నవ్వు ఆపగానే కండ కిందికి దిగుతుంది, దాంతోపాటు రంగూ దిగుతుంది. అద్దం ముందు నిలబడి ఒకసారి చూసుకో. నవ్వుతూ పెట్టిన చుక్క మామూలు ముఖంలో ముక్కు పుటల దగ్గరికి, ముక్కుకు బాగా దగ్గరగా వచ్చి ఉంటుంది. బుగ్గలు నిండుగా ఉన్నవాళ్లకు కండ ఎక్కువ కాబట్టి ఈ దిగుడు ఇంకా ఎక్కువ. తాళి కట్టేటప్పుడు, తలంబ్రాల మధ్య, పెద్దవాళ్లకు దణ్ణం పెట్టేటప్పుడు ఎవరూ నవ్వు బిగబట్టి ఉండరు కదా. ఫోటోల్లో సగం అలాంటివే. వాటిలో రంగంతా బుగ్గ మధ్యలో, అదీ కిందికి ఉండి, ఉన్న గుండ్రాన్నే చుట్టి చూపిస్తుంది. కాబట్టి నువ్వు బ్లష్ ముఖం మామూలుగా పెట్టుకుని, నోరు వదులుగా ఉంచి వేసుకోవాలి.

ముందు నీ ఎముక ఎక్కడుందో వేలితో పట్టుకో. చెవి రంధ్రం ముందు చిన్న మృదులాస్థి ముక్క ఉంటుంది కదా, అక్కడ చూపుడు వేలు పెట్టి కాస్త గట్టిగా నొక్కుతూ ముక్కు వైపు రా. వేలి కింద గట్టిగా తగిలేది చెంప ఎముక. దాని కింది అంచు దాటగానే వేలు మెత్తగా లోపలికి పోతుంది. ఆ అంచు వెంబడే వస్తే కంటి బయటి కొనకు సూటిగా కింద ఎముక బాగా పైకి తగులుతుంది. అక్కడ ఐబ్రో పెన్సిల్‌తో సన్న చుక్క పెట్టుకో. చదునుగా కనిపించే ముఖంలో కూడా ఎముక ఉంటుంది. అది ముందుకు తక్కువగా పొడుచుకొచ్చి ఉండొచ్చు, లేదా దాని మీద కండ సమంగా పరుచుకుని ఉండొచ్చు. కంటికి కనపడకపోయినా వేలికి తెలుస్తుంది.

నీది ఉత్త గుండ్రటి ముఖమా, ఉత్త చదును ముఖమా, రెండూ కలిసినదా అన్నది కూడా తేల్చుకోవాలి. ఎందుకంటే ఈ రెండింటి మందులు ఒకదానికొకటి ఎదురు. టేపుతో నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కొస వరకు కొలువు. తర్వాత ఒక చెంప ఎముక బయటి అంచు నుంచి రెండో దాని అంచు వరకు అడ్డంగా కొలువు. రెండూ ఇంచుమించు దగ్గరగా ఉండి, దవడ అంచు కోణం లేకుండా తిరిగి ఉంటే గుండ్రటి ముఖం. పొడవు బాగా ఎక్కువైతే కోల ముఖం. చదునుదనం మాత్రం టేపుకు దొరకదు. పగటిపూట కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా కూర్చుని, ముఖం కొంచెం పక్కకు తిప్పి ఎవరి చేతనైనా ఫోటో తీయించుకో. ఎముక ఎత్తుగా ఉన్నవాళ్లకు దాని మీద వెలుగు, దాని కింద చిన్న నీడ పడుతుంది. చదును ముఖానికి కంటి కింది నుంచి దవడ దాకా ఒకటే వెలుతురు ఉంటుంది, ఎక్కడా విరగదు. నువ్వు చెప్పిన దాన్నిబట్టి నీకు రెండూ ఉన్నట్టున్నాయి. మన వైపు పెళ్లికూతుళ్లలో ఈ కలయిక నేను చాలా చూస్తాను.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. గుండ్రటి ముఖానికి పుస్తకం ప్రకారం బ్లష్ బయటికి, పైకి పోవాలి. రంగు కణత వైపు ఉంటే చూపు ముఖం మధ్యలో ఆగకుండా పైకి వెళ్తుంది, వెడల్పు తగ్గినట్టుంటుంది. సరే. కానీ చదును ముఖానికి రంగంతా కణతల దగ్గరే పెడితే మధ్య భాగం మొత్తం ఫౌండేషన్ తప్ప ఏమీ లేకుండా ఖాళీ పళ్లెంలా మిగిలిపోతుంది. చదునుదనం ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. చదును ముఖానికి కావలసింది బుగ్గ మీద రంగులో తేడా. ఒక చోట ముదురు, పక్కనే లేత, దాని పైన మెరుపు. అలా తేడా ఉంటేనే అక్కడ ఎత్తుపల్లాలు ఉన్నాయని కన్ను నమ్ముతుంది. నీకు రెండూ కావాలి కాబట్టి ముదురు బయట ఉండాలి, కానీ పలచని రంగు మాత్రం లోపలి దాకా రావాలి. మధ్యలో ఎక్కడా గీత పడకూడదు.

నీ ముఖానికి నేనైతే ఎలా వేస్తానో చెప్తాను. ఫౌండేషన్ వేశాక పౌడర్ కొట్టకుండానే క్రీమ్ బ్లష్ తీసుకుంటాను. పౌడర్ మీద క్రీమ్ పెడితే అది పట్టుకుని మచ్చలు మచ్చలుగా లేస్తుంది, తర్వాత సరిచేయడానికి ఉండదు. ఒక్కో చెంపకు రెండు బియ్యపు గింజలంత చాలు. దాన్ని ముందు చేతి వెనక రుద్ది, వేలి కొసకో స్పాంజ్‌కో అంటించుకుంటాను. ఇందాక పెన్సిల్‌తో పెట్టిన చుక్క ఉంది కదా, కంటి బయటి కొన కింద? దానికి ఒక వేలు వెడల్పు చెవి వైపు జరిగి, ఎముక మీద మొదటి అద్దుడు. అక్కడి నుంచి చెవి పై అంచు వైపు, జుట్టులో కలిసే దాకా అద్దుకుంటూ పోతాను. రుద్దను, అద్దుతాను. రుద్దితే కింద ఫౌండేషన్ లేచిపోతుంది. స్పాంజ్‌లో కొత్తగా రంగు తీసుకోకుండా, మిగిలిన దానితోనే ఇప్పుడు వెనక్కి, ముక్కు వైపు వస్తాను. కంటిపాప మధ్యకు సూటిగా కిందికి వచ్చేసరికి రంగు ఉందా లేదా అన్నట్టుండాలి. ముక్కుకు రెండు వేళ్ల దూరంలో ఆగిపోవాలి. కింద ముక్కు కొన ఎత్తుకు దిగకూడదు. పైన కంటి కింద ఒక వేలు మందం వదలాలి, లేకపోతే కన్ను వాచినట్టుంటుంది.

అది కుదురుకున్నాక సెట్టింగ్ పౌడర్ పలచగా అద్ది, దాని మీద అదే రంగు పౌడర్ బ్లష్ వేస్తాను. కానీ ఇది చెంప అంతా వేయకూడదు. ఏటవాలుగా కత్తిరించిన చిన్న బ్రష్‌తో, దులిపి, ఆ మొదటి అద్దుడు ఉన్న చోట, ఎముక కింది అంచు వెంబడి మాత్రమే. నీకు ఎముక కింద సహజంగా నీడ లేదు కాబట్టి ఈ కింది అంచే ఆ నీడ పని చేస్తుంది. అందుకే నీ బ్లష్ ఒంటి రంగు కన్నా ఒక మెట్టు ముదురుగా, మెరుపు లేకుండా ఉండాలి. మెరుపు లేని రంగు వెనక్కి పోయినట్టు, మెరిసేది ముందుకు వచ్చినట్టు కనపడుతుంది. కాబట్టి మెరుపు పైనే ఉండాలి. కంటి బయటి కొన కింద, బ్లష్ పై అంచుకు ఆనుకుని, సన్నగా, చిటికెన వేలి మందంలో హైలైటర్. బుగ్గ మధ్యలో గుండ్రంగా హైలైటర్ రుద్దడం గుండ్రటి ముఖానికి బొత్తిగా పనికిరాదు. ముందుకు తోసుకొచ్చేది అక్కడి కండే, దానికి ఇంకా వెలుగు ఇవ్వొద్దు.

కాంటూర్ వేయమని కొందరు చెప్తారు. నోరు 'ఓ' అన్నట్టు తెరిచి, పడిన గుంటలో గోధుమ రంగు గీత గీయడం. గుంట నిజంగా పడే ముఖానికి అది బాగుంటుంది. నీలాంటి నిండు చెంపలకు అక్కడ గుంట ఉండదు, గీత మాత్రం మిగులుతుంది. దగ్గర నుంచి చూసేవాళ్లకు మట్టి అంటినట్టు తెలుస్తుంది. పెళ్లిలో అందరూ అక్షింతలు వేయడానికి మూరెడు దూరం దాకా వస్తారు. అందుకే నీకు కాంటూర్ వద్దంటాను, దవడ అంచు కింద కొంచెం వేస్తే వేయించుకో.

మీ పెద్దక్క ముఖానికి మొత్తం దీనికి తిరగేసి. ఏటవాలుగా వేసిన రంగు చూపును కింది నుంచి పైకి నడిపిస్తుంది. పొడవాటి ముఖంలో ఆ నడక ఇంకా పొడవు చూపిస్తుంది, ఆమె విషయంలో జరిగింది అదే. ఆమెకు అడ్డంగా కావాలి. మొదటి అద్దుడు కంటిపాప బయటి అంచుకు సూటిగా కింద, బుగ్గ నిండుగా ఉండే చోట. అక్కడి నుంచి చెవి మధ్యకు నేరుగా, నేలకు సమాంతరంగా తీసుకెళ్లి, చెవి దగ్గరికి చేరకముందే ఆపేయాలి. కణతకు ఎక్కించొద్దు. ముక్కు వైపు కూడా నీ కన్నా కొంచెం దగ్గరికి, వేలున్నర దూరం దాకా రావొచ్చు. ఆ నవ్వి వేసుకునే పద్ధతి ఎవరికైనా కాస్త పనికొస్తుందంటే ఆమెకే, ఎందుకంటే పొడవాటి ముఖాన్ని మధ్యలో ఒకసారి ఆపాలి. ఆమె చెంపలు లోపలికి పీక్కుపోయి ఉంటే మాత్రం ఆ గుంటలో రంగు పడకుండా చూడు. అలాంటి చెంపకు మెరుపు లేని ముదురు రంగు నీరసం చూపిస్తుంది. కొంచెం నిగారింపు ఉన్న లేత రంగు గుంట పైన వేస్తే చెంప నిండినట్టుంటుంది.

రంగు గురించి కొంచెమే చెప్తాను, కానీ చోటు ఎంత సరిగ్గా ఉన్నా ఇది తప్పితే పని చెడుతుంది. చామనఛాయకు తెలుపు ఎక్కువ కలిసిన బేబీ పింక్ వేస్తే బూడిద రంగులో తేలుతుంది. మనకు ఇటుక రంగు, పగడపు రంగు, ఇంకొంచెం ముదురు ఛాయకు దానిమ్మ గింజ రంగు నప్పుతాయి. డబ్బాలో చూస్తే భయమేసేంత ముదురుగా ఉన్నదే చెంప మీద సహజంగా కుదురుతుంది. పైగా పెళ్లికూతురి ముఖం ఆ రోజు మామూలు రంగులో ఉండదు. నలుగు పెట్టి, పసుపు రాసి మంగళస్నానం చేయిస్తారు కదా, ఆ పసుపు జుట్టు అంచుల్లో, చెంపల మీద మిగిలిపోతుంది. దాని మీద గులాబీ రంగు నారింజలోకి తిరుగుతుంది. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని సబ్బుతో పదిసార్లు రుద్దే బదులు దూదికి కొబ్బరినూనె అద్ది చెంపలు, కణతలు మెల్లగా తుడిచి, తర్వాత ఫేస్‌వాష్‌తో జిడ్డు పోయేలా కడుక్కో. పెద్దవాళ్లు పసుపు అసలు తుడవొద్దంటే పాదాలకు, మెడకు ఉంచి చెంపల వరకు తుడవనివ్వమని అడుగు, సాధారణంగా ఒప్పుకుంటారు. అదీ కుదరకపోతే గులాబీ మానేసి దానిమ్మ రంగు వైపు వెళ్లు. నారింజలోకి తిరిగినా అది పగడపు రంగు దగ్గరే ఆగుతుంది.

ఇంకొకటి, బుగ్గచుక్క. దీని సంగతి మేకప్ వీడియోల్లో ఎవరూ చెప్పరు. కాటుకతో పెట్టే ఆ చుక్క ముఖం మీద అన్నిటికంటే ముదురు రంగు. నేను మొదట చెప్పిన సూత్రం దానికీ వర్తిస్తుంది, చూపు దాని మీదికే పోతుంది. నీ బ్లష్ ఎంత జాగ్రత్తగా బయటికి పెట్టినా, ఎవరో పెద్దమ్మ వచ్చి బుగ్గ నడిమధ్యలో పెద్ద చుక్క పెడితే చూపు మళ్లీ గుండ్రటి బుగ్గ మీదికే వచ్చి కూర్చుంటుంది. అందుకే ముందే చెప్పి పెట్టు. చుక్క చిన్నదిగా, కంటి బయటి కొనకు సూటిగా కింద, బ్లష్ అంచు దగ్గర పెట్టమను. మీ అక్కలాంటి కోల ముఖానికైతే బుగ్గ మధ్యలో ఉన్నా ఇబ్బంది లేదు, మంచిదే. చుక్క పెట్టే చోట పౌడర్ సరిగా పట్టి ఉండాలి, లేకపోతే చెమటకు కాటుక కారి బ్లష్‌ను పాడుచేస్తుంది.

చెమట అంటే గుర్తొచ్చింది, మన దగ్గర ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. కళ్యాణ మండపంలో హోమం పొగ, వీడియో లైట్ల వేడి దానికి తోడు. క్రీమ్ ఒక్కటే వేస్తే ముహూర్తం అయ్యేసరికి కిందికి జారుతుంది. జారిన రంగు దవడ వైపు చేరితే నీ గుండ్రటి ముఖానికి అది చేటు. నేను చెప్పిన క్రీమ్, పైన పౌడర్ జంట అందుకే. చెమట పడితే కర్చీఫ్‌తో తుడవొద్దు. టిష్యూ మడిచి నొక్కి తీయాలి. తుడిస్తే బయట పెట్టిన ముదురంతా ముందు అదే లేచిపోతుంది.

వీడియో వాళ్ల లైటు కూడా లెక్కలోకి తీసుకో. కెమెరా పక్కనే నిలబెట్టి ఎదురుగా వేసే లైటు ముఖం మీద ఉన్న నీడలన్నీ చెరిపేస్తుంది. ఎముక ఎత్తున్నవాళ్లనే అది చదును చేస్తుంది, ఇక నీ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని పెళ్లిరోజు ఇంట్లో అద్దంలో చూసి సరిపోయింది అనిపించిన దాని కన్నా ఇంకొక పొర ఎక్కువ, ఆ బయటి ముదురు చోట మాత్రమే వేయించుకో. లోపలి పలచని భాగాన్ని పెంచొద్దు. పసుపుపచ్చ లైట్ల కింద పీచ్ రంగు ఒంట్లో కలిసిపోతుంది, ఎరుపు ఎక్కువ కలిసిన రంగులే నిలబడతాయి. ఫోటోగ్రాఫర్ కొంచెం వినేవాడైతే లైటు కాస్త పక్కకు జరిపి పెట్టమని అడగొచ్చు. అడుగు దూరం జరిగినా చెంప మీద తేడా తెలుస్తుంది.

పెళ్లికి ముందు ఒకసారి ఇంట్లో మొత్తం వేసుకుని పరీక్ష చేసుకో. నాలుగడుగుల దూరం నుంచి ఎదురుగా ఒక ఫోటో, రెండు చెంపలూ కనపడేలా ముఖం కొంచెం పక్కకు, అంటే ముప్పాతిక కోణంలో తిప్పి ఒక ఫోటో తీయించి, రెండింటినీ ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చు. రంగు పోయాక మిగిలేది ముదురు, లేత తేడా మాత్రమే, చెంప ఆకారాన్ని మార్చేది అదే. బ్లష్ పూర్తిగా మాయమైపోతే అది నీ ఒంటి రంగుతో సమానంగా ఉందని అర్థం. సిగ్గుపడిన ఎరుపు మాత్రం ఇచ్చి ఎముకను చూపించదు, ఒక మెట్టు ముదురు తీసుకో. గుండ్రటి మచ్చ కనిపిస్తే అంచులు కలవలేదు, శుభ్రమైన స్పాంజ్‌తో అంచుల మీదే అద్దు. ఎముక కింది అంచున సన్నగా నీడ, చెవి వైపు ముదురై ముక్కు వైపు కరిగిపోతూ కనపడితే సరిగ్గా పడింది. రెండు చెంపలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది కూడా ఆ ఫోటోలోనే తెలుస్తుంది. ఒక చెంప మీద రంగు కొంచెం కిందికి పడడం మామూలే.

ఇదంతా ఎదురుగా, ముప్పాతిక కోణంలో పనిచేస్తుంది. పూర్తి పక్క నుంచి తీసిన ఫోటోలో ముఖం గీత ఎముకదే, దాన్ని ఏ రంగూ ముందుకు తేలేదు. పక్క నుంచి తీసేటప్పుడు గడ్డం కొంచెం ఎత్తి, ముఖం పావు వంతు కెమెరా వైపు తిప్పితే బయటి ముదురు కనపడి చెంప నిలబడుతుంది. పరీక్ష ఫోటోలు తీశాక నీకేమైనా తేడాగా అనిపిస్తే మేకప్ లేనిది ఒకటి, వేసుకున్నది ఒకటి, రెండూ కిటికీ వెలుతురులో తీసి ఇక్కడ పెట్టు చెల్లీ. చూసి ఏ చోటు జరపాలో చెప్తాను.